నురగ నిలవని కోల్డ్ కాఫీ: విశాఖలో ఒక చిన్న షాపు కేసు

విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న జ్యూస్ షాపు ఇది. భార్యాభర్తలు నడుపుతారు. మిక్సీల దగ్గర ఒక కుర్రాడు ఉంటాడు. గుర్తుపట్టే వివరాలు మార్చాను కానీ కొలతలూ ఉష్ణోగ్రతలూ ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసంతా వాటిలోనే ఉంది. చిన్న షాపులకు పానీయాల తయారీ కుదిర్చి ఇవ్వడం నా వృత్తి. కోల్డ్ కాఫీ మీద వచ్చే ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ మూడే: చేదుగా ఉంది, నీళ్లగా ఉంది, నురగ లేదు. ఈ షాపులో మూడూ కలిసే వచ్చాయి.

షాపు బోర్డు మీద అరకు ఫిల్టర్ కాఫీతో చేసిన కోల్డ్ కాఫీ అని రాసి ఉంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత విశాఖలో ఆ పేరు చూసి ఆగేవాళ్లు పెరిగారు. కాబట్టి ఇన్‌స్టంట్ పొడికి మారితే సగం సమస్య తీరుతుందని తెలిసినా ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది. ఫిల్టర్ డికాషన్‌తోనే చేయాలి, చిక్కగా ఉండాలి, పైన నురగ నిలవాలి. యజమాని పెట్టిన షరతు అది. న్యాయమైన షరతే.

సమస్య ఎలా కనిపించింది

ఏమీ మార్చకుండా, రోజూ చేసినట్టే ఒక గ్లాసు చేయమని అడిగి పక్కన నిలబడ్డాను. సాయంత్రం రద్దీ మొదలయ్యే వేళ. కుర్రాడు ఫ్రిజ్‌లోని లోతైన స్టీలు గిన్నెలోంచి పాలు తీసి జార్‌లో పోశాడు. స్టవ్ మీద వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టిన ఫిల్టర్ నుంచి డికాషన్ వంచాడు. రెండు పెద్ద చెంచాల పంచదార, ఒక స్కూపు వెనీలా ఐస్‌క్రీమ్ వేశాడు. థర్మోకోల్ పెట్టెలోంచి మగ్గుతో ముంచి ఐసు పోశాడు. జార్ మెడ దాకా నిండింది. మూత పెట్టి నిమిషం పైగా తిప్పాడు.

గ్లాసులో పోసినప్పుడు బాగానే కనిపించింది. పైన వేలెడు మందాన నురగ ఉంది, కానీ బుడగలు పెద్దవి. సబ్బు నీళ్ల బుడగల్లాగా ఒక్కొక్కటే పగులుతూ వచ్చాయి. కస్టమర్ డబ్బులిచ్చి కుర్చీలో కూర్చునేంత సేపట్లో గ్లాసు అంచు చుట్టూ ఒక గీత మాత్రం మిగిలింది. గ్లాసు లోపలి గోడకు ఆవగింజంత పసుపు చుక్కలు అంటుకున్నాయి. స్ట్రా అడుగు దాకా పెట్టి తాగితే పలచగా ఉంది, నాలుక మీద పంచదార పలుకులు తగిలాయి. స్ట్రాను పైకి జరిపి తాగితే చేదు. ఒకే గ్లాసులో రెండు రకాల తప్పులు.

ఈ పసుపు చుక్కలను చాలామంది పట్టించుకోరు. నాకు అక్కడ అన్నిటికన్నా విలువైన ఆధారం అదే. దాని సంగతి నురగ దగ్గర చెబుతాను.

అప్పటిదాకా వాళ్లు చేసినవి

భార్యాభర్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాఫీ చల్లగా లేదని ఎవరో అంటే ఐసు పెంచారు. పలచబడిందంటే డికాషన్ పెంచారు. చేదు పెరిగిందంటే పంచదార పెంచారు. అయినా చిక్కగా లేదని టోన్డ్ పాలు మానేసి ఫుల్ క్రీమ్ పాలకు మారారు. ఆమె ఇంట్లో చూసిన చిట్కాతో చిటికెడు ఉప్పు కూడా వేయించారు. ఉప్పు నిజంగానే చేదును కొంత అణుస్తుంది, అందులో పొరపాటేమీ లేదు. అయితే ఆ చేదు ఉప్పుతో అణిగే స్థాయి దాటిపోయింది.

విడివిడిగా చూస్తే ఈ మార్పులన్నిటికీ అర్థముంది. కలిపి చూస్తే ఒక దాని నష్టాన్ని పూడ్చడానికి మరొకటి వచ్చి చేరింది. ఇలాంటి చోట నేను వంటకాన్ని చివరి నుంచి వెనక్కి చదువుతాను. పంచదార ఎందుకు పెరిగింది? చేదు వల్ల. చేదు ఎందుకు పెరిగింది? డికాషన్ వల్ల. డికాషన్ ఎందుకు పెంచారు? ఐసు కరిగి పలచబడినందుకు. ఐసు ఎందుకు అంతగా కరిగింది? దానికి జవాబు నోటితో దొరకదు, థర్మామీటర్ కావాలి.

కొలిస్తే తేలింది

ఫ్రిజ్‌లోని పాలు 18 డిగ్రీలు. యజమాని నమ్మలేదు. "ఫ్రిజ్‌లోనే కదండీ ఉన్నాయి!" అన్నారు. ఉన్నాయి, కానీ మధ్యాహ్నం కాచి, ఆవిరి తగ్గాక, నాలుగు లీటర్లు ఒకే లోతైన గిన్నెలో పెట్టినవి. అంత లోతు గిన్నెలో పాలు నడిమధ్య దాకా చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. పైగా కూల్‌డ్రింకుల కోసం ఆ ఫ్రిజ్ తలుపు క్షణక్షణం తెరుస్తూనే ఉంటారు. విశాఖ వేసవి ఉక్కపోతలో తలుపు తెరిచిన ప్రతిసారీ తేమ గాలి లోపలికి వెళ్తుంది, ఆ తేమను నీరుగా మార్చడానికే ఫ్రిజ్ శక్తి కొంత ఖర్చవుతుంది. గిన్నె పైభాగాన్ని తాకి చూస్తే చల్లగానే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. డికాషన్ 55 డిగ్రీలు.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక గ్రాము ఐసు కరగడానికి సుమారు 80 క్యాలరీల వేడి కావాలి. 18 డిగ్రీల పాలు 200 మిల్లీలీటర్లు సున్నాకు దిగాలంటే అవి వదలాల్సిన వేడి దాదాపు 3,300 క్యాలరీలు. 55 డిగ్రీల డికాషన్ 50 మిల్లీలీటర్లు వదిలేది ఇంకో 2,700. రెండూ కలిపి ఆరు వేలు. ఆ వేడిని మింగడానికి 75 గ్రాముల ఐసు కరిగి నీళ్లయిపోవాలి. అంటే కస్టమర్ గ్లాసులో కాఫీ చల్లబడటానికే దాదాపు అరగ్లాసు టీకి సరిపడే నీళ్లు చేరుతున్నాయి. ఐస్‌క్రీమ్ కొంత వేడిని పంచుకుంటుంది, కానీ నిమిషం పైగా తిరిగే మిక్సీ బ్లేడు తనవంతు వేడిని తిరిగి ఇస్తుంది.

అదే పాలు, డికాషన్ రెండూ 4 డిగ్రీల్లో ఉంటే కరగాల్సిన ఐసు పదిహేను గ్రాములు కూడా దాటదు. మిగతా ఐసు పొడి పొడిగా నలిగి, సన్నని పలుకులుగా పాలలో నిలిచి, చిక్కదనం ఇస్తుంది. ఐసు చేసే పనులు రెండు: చల్లబరచడం, చిక్కబరచడం. మొదటి పని ఫ్రిజ్‌తో చేయించుకుంటేనే రెండో పనికి ఐసు మిగులుతుంది.

థర్మోకోల్ పెట్టెలో ఇంకో దొంగ దాక్కుని ఉన్నాడు. ఐసు అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. మగ్గుతో ముంచితే ఐసుతో పాటు ఆ నీళ్లూ జార్‌లోకి వస్తున్నాయి. దీనికి మందు చిల్లుల గరిటె. అక్కడితో ఆ సంగతి ముగిసింది.

మొదట ఏది మార్చాలి

నురగ గురించి యజమానికి తొందర ఎక్కువ. ఫోటోలో కనిపించేది అదే కదా. నేను ముందు ఉష్ణోగ్రత దగ్గరే ఆగాను. పాలు ఒక రోజు 18, ఒక రోజు 10 డిగ్రీలుంటే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తేల్చలేం. ఆధారం కదులుతూ ఉంటే పైన ఏం కట్టినా లెక్కకు రాదు.

ఇక్కడ కాచడం మీద చర్చ జరిగింది. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, చల్లగా నిల్వ చేసి గడువులోపల వాడితే కాచకుండానే వాడవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. "పచ్చి పాలు పోస్తున్నారని ఒక్కరు అన్నా మా షాపు పేరు పోతుంది సార్" అన్నారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. అందుకని కాచడం ఉంచి, వేళ మార్చాం. రాత్రి షాపు కట్టేముందు పాలు ఒక పొంగు రానిచ్చి, గిన్నెను ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ త్వరగా చల్లార్చి, వడగట్టి, లీటరు సీసాల్లో పోసి ఫ్రిజ్ వెనక వైపు పడుకోబెట్టాలి. సన్నని సీసాలు, రాత్రంతా తెరవని తలుపు. తెల్లారేసరికి 4 డిగ్రీలు వచ్చాయి. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే పాలు పాడవుతాయి కాబట్టి ఐసు నీళ్ల తొట్టి మెట్టును వదలకూడదని గట్టిగా చెప్పాను. పగలు ఒక్కో సీసా మాత్రమే బయటికి తీయాలి.

ఈ ఒక్క మార్పుతోనే నీళ్ల రుచి చాలావరకు పోయింది. దాంతో చేదు మరింత బయటపడింది, ఎందుకంటే అప్పటిదాకా దాన్ని నీళ్లు కొంత కప్పాయి.

చేదు ఎక్కడి నుంచి వచ్చింది

పొడి తెప్పించి చూస్తే అందులో చికోరీ 30 శాతం. రంగు కోసం, చిక్కదనం కోసం మన వైపు అలవాటే. వేడి కాఫీలో అది ఇబ్బంది పెట్టదు. చల్లటి పాలలో తీపి నాలుకకు మందగిస్తుంది, సువాసన తగ్గుతుంది, చికోరీ మాడు రుచి మాత్రం ముందుకు వస్తుంది. అయినా అసలు దోషి చికోరీ కాదు. ఉదయం తీసిన మొదటి డికాషన్ రుచి చూస్తే బాగుంది. మధ్యాహ్నం అదే ఫిల్టర్ పైగిన్నెలో మళ్లీ వేడినీళ్లు పోసి రెండో డికాషన్ తీసి, మొదటిదానిలో కలిపి, సాయంత్రం దాకా వేడినీళ్ల గిన్నెలో ఉంచుతున్నారు.

రెండో డికాషన్‌లో రుచీ వాసనా ఇచ్చే పదార్థాలు మొదటి విడతలోనే వెళ్లిపోయి ఉంటాయి, చేదూ వగరూ ఇచ్చేవి నెమ్మదిగా ఊరి ఇప్పుడు దిగుతాయి. ఇక వేడిగా గంటల తరబడి ఉంచిన డికాషన్‌లో కాఫీ ఆమ్లాల రూపం మారుతుంది, క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. పుల్లటి, మొండి చేదు అప్పుడే వస్తుంది. ఉదయం పదికి తీసిన కప్పునూ సాయంత్రం ఐదింటి కప్పునూ పక్కపక్కన పెట్టి యజమానికి ఇచ్చాను. రెండోది తాగి ఆయన ఏమీ అనలేదు, కుర్రాడి వైపు తిరిగి "ఇది పారబోయ్" అన్నారు.

కోల్డ్ బ్రూ కూడా చేసి చూశాం. బరకగా పట్టించిన పొడిని చల్లటి నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి వడగట్టడం. చేదు బాగా తగ్గింది, నిజమే. కానీ పాలూ ఐస్‌క్రీమూ కలిశాక కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కావలసిన గాఢత రావాలంటే పొడి మరీ ఎక్కువ పడుతుంది, ఫ్రిజ్‌లో పాల సీసాలకే చోటు చాలడం లేదు. వదిలేశాం.

చివరికి నిలిచింది మామూలు ఫిల్టరే, కొలత మార్చి. చికోరీ లేని పొడి 50 గ్రాములకు వేడినీళ్లు 200 మిల్లీలీటర్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయాలి. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి దిగేది వంద మిల్లీలీటర్లే. అది నాలుగు గ్లాసులకు, గ్లాసుకు 25 చొప్పున. దిగగానే చిన్న సీసాలో పోసి ఐసు నీళ్లలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం, ఆ రోజుకే వాడటం. రెండో డికాషన్ లేదు. ఇదివరకు 50 మిల్లీలీటర్ల పలచటి వేడి డికాషన్ పోసిన చోట ఇప్పుడు 25 మిల్లీలీటర్ల చిక్కటి చల్లటి డికాషన్ పోస్తున్నారు. చేదుతో పాటు నీళ్లూ తగ్గాయి.

పొడి ఖర్చు పెరిగింది. దాన్ని దాచి లాభం లేదు. పంచదార, ఐసు, ఫుల్ క్రీమ్ పాల దగ్గర మిగిలింది ఆ పెరుగుదలను కొంతే పూడ్చింది.

పంచదార కూడా పాకంగా మార్చాం. చల్లటి పాలలో పలుకులు పూర్తిగా కరగవు కాబట్టే రెండు చెంచాలు వేసినా తీపి చాలక అడుగున మిగిలేవి. తూకంలో మూడు వంతుల పంచదారకు రెండు వంతుల వేడినీళ్లు కలిపి కరిగించి చల్లార్చిన పాకం గ్లాసుకు 30 గ్రాములు. అందులో పంచదార 18 గ్రాములే, అయినా మునుపటికన్నా తియ్యగా తెలుస్తుంది. పాకం ఇంకా పలచగా చేస్తే మళ్లీ నీళ్లు పోసినట్టే.

నురగ

ఇప్పుడు పసుపు చుక్కల దగ్గరికి వద్దాం. అవి వెన్న. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం. కాచి చల్లార్చితే మీగడ కడుతుంది. ఆ మీగడతో సహా మిక్సీలో నిమిషం పైగా తిప్పితే మజ్జిగ చిలికినట్టే కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని వెన్న పలుకులవుతాయి. నురగను నిలబెట్టేది పాలలోని ప్రొటీన్. అది గాలి బుడగ చుట్టూ పలచటి పొరగా ఏర్పడుతుంది. విడివడిన కొవ్వు ఆ పొరలోకి చొరబడి దాన్ని చీలుస్తుంది. చిక్కదనం కోసం తెచ్చిన ఫుల్ క్రీమ్ పాలే నురగను చంపాయన్నమాట.

అందుకే 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలకు తిరిగి వెళ్లాం, వడగట్టి మీగడ తీసేశాం. మరి చిక్కదనం? వెన్న తీసిన పాలపొడి, గ్లాసుకు ఒక పెద్ద చెంచా. ఇది కొవ్వు లేకుండా ప్రొటీన్ పెంచుతుంది, పాలను చిక్కబరుస్తుంది, నురగకు బలమిస్తుంది. ఒక్క చెంచా దాటితే మాత్రం పాలపొడి వాసన తెలుస్తుంది.

అంతకుముందు యజమాని స్నేహితుడొకరు కస్టర్డ్ పొడి కాచి కలపమన్నారట. అదీ చూశాం. చిక్కబడింది, కానీ నాలుక మీద పిండి పూతలా మిగిలింది, కాఫీ రుచి మసకబారింది. ఐసు బదులు పాలనే గడ్డకట్టించి వేయడం కూడా చూశాం. నీళ్ల రుచి అసలు రాదు, ఇంట్లో ఒకటి రెండు గ్లాసులకు అది మంచి పద్ధతే. షాపు మిక్సీలో ఆ గడ్డలు నలగడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చింది, ఆ సేపట్లో నురగ చితికిపోయింది.

మిగిలింది వరుస. జార్ మెడ దాకా నిండితే బ్లేడు లాగడానికి గాలి ఎక్కడిది? అందుకని రెండు దశలు చేశాం. మొదట పాలు 150 మిల్లీలీటర్లు, డికాషన్, పాకం, పాలపొడి మాత్రమే జార్‌లో వేసి గరిష్ఠ వేగంలో ఇరవై సెకన్లు తిప్పాలి. జార్ మూడో వంతుకు మించి నిండకూడదు. ద్రవం లేత గోధుమ రంగులోకి మారి, మట్టం కళ్లెదుటే పైకి లేస్తుంది. శబ్దం కూడా మారుతుంది, గరగర తగ్గి మెత్తగా వినిపిస్తుంది. అప్పుడే ఐసు 60 గ్రాములు, ఐస్‌క్రీమ్ ఒక స్కూపు వేసి, ఆపి ఆపి నాలుగైదు విసుర్లు మాత్రమే తిప్పాలి. ఐసు ఇసుక రవ్వంత అయితే చాలు. ఐస్‌క్రీమ్ ముందే వేస్తే దాని కొవ్వు నురగ పుట్టకముందే అడ్డుపడుతుంది. చివర వేస్తే పుట్టిన నురగను అది చిక్కగా పట్టి ఉంచుతుంది.

కుర్రాడు పట్టుకున్న సంగతి ఒకటి రాయాలి. కడిగిన వెంటనే జార్ కుళాయి నీళ్ల వేడిమీద ఉంటుంది కాబట్టి మొదటి గ్లాసు ఎప్పుడూ పలచగా వస్తోందని తనే గమనించాడు. ఐసు పెట్టె అడుగున చేరిన నీళ్లతో జార్‌ను ఒకసారి తొలిపి పారబోయడం మొదలుపెట్టాడు. నేను చెప్పింది కాదు.

పోసేటప్పుడు ముందు ద్రవం వస్తుంది, నురగ జార్‌లో వెనకబడుతుంది. గ్లాసు ముప్పాతిక నిండాక మిగిలిన నురగను చెంచాతో తీసి పైన పెట్టాలి. ఇలా చేసిన గ్లాసులో బుడగలు సన్నగా, విడివిడిగా కంటికి ఆననంతగా ఉన్నాయి. పైన చల్లిన కాఫీ పొడి మునగకుండా, తాగడం పూర్తయ్యేదాకా నిలిచింది.

కుదిరింది ఎంత, కుదరనిది ఏమిటి

రంగు విషయంలో కొందరు పాత కస్టమర్లు గొణిగారు. చికోరీ పోయేసరికి కాఫీ లేత రంగుకు వచ్చింది, ముదురు రంగే స్ట్రాంగ్ అని వాళ్ల లెక్క. యజమాని చికోరీ 10 శాతం కలిపిన పొడికి మారతానన్నారు. రుచి చూశాను, చేదు పెద్దగా పెరగలేదు. ఒప్పుకున్నాను.

రెండు గ్లాసులు ఒకేసారి ఒకే జార్‌లో వేయడం మాత్రం కుదరలేదు. రద్దీలో ఆ ఆశ సహజం, కానీ జార్ సగం దాటి నిండగానే మొదటి దశలో నురగ లేవడం లేదు. రెండో జార్ కొనడమే దారి అని చెప్పాను, కొన్నారు.

పార్శిల్ దగ్గర ఓడిపోయామనే అనాలి. మూత పెట్టిన గ్లాసు బండి మీద అరగంట ప్రయాణించేసరికి ఐసు రవ్వ కరుగుతుంది, నురగ పైకి తేలి ఆరిపోతుంది, కింద పలచటి పాలు మిగులుతాయి. ఈ తయారీకి ప్రాణం సన్నగా నలిగిన ఐసే, ఆ ఐసుకు కాలం తక్కువ. అందుకని పార్శిల్‌కు వేరే కొలత రాసి గోడకు అంటించాం: ఐసు లేదు, ఐస్‌క్రీమ్ రెండు స్కూపులు, పాలు 180 మిల్లీలీటర్లు, సీసాలో పోసి మూత బిగించి, తాగేముందు గట్టిగా ఊపమని చీటీ. నురగ కొద్దిగానే వస్తుంది, నీళ్ల రుచి మాత్రం రాదు. ఖర్చు ఎక్కువ కాబట్టి పార్శిల్ ధర వేరుగా పెట్టమన్నాను. యజమాని ఇంకా పెట్టలేదు.